నాణెం ఎగరేసింది మనమే, సోదె అడిగేదీ మనమే

పీజీ థీసిస్‌లు తిరగేసే దురలవాటు ఉన్నవాళ్లకు ఒక మంత్రం కంఠతా వచ్చేసి ఉంటుంది. "వయసు, లింగం, బరువు, రక్తపోటు విషయాల్లో రెండు గ్రూపుల మధ్య గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి గ్రూపులు పోల్చదగినవే." మందు మారుతుంది, జబ్బు మారుతుంది, గైడ్ గారు రిటైరై కొత్తవారు వస్తారు. మంత్రంలో మాత్రం అక్షరం మారదు. దాని పైనే మొదటి పట్టిక కొలువై ఉంటుంది. ట్రయల్ మొదలయ్యేనాటికి ఏ గ్రూపులో ఎలాంటి రోగులున్నారో చెప్పే బేస్‌లైన్ పట్టిక అన్నమాట. ఒక నిలువు వరసలో రోగుల లక్షణాలు, తర్వాత మందు గ్రూపు, తర్వాత పోలిక గ్రూపు, కుడి చివర రాజుగారి సింహాసనంలా పి-విలువ.

ఆ రాజుగారు అక్కడ ఏం తీర్పు చెబుతున్నారో ఒకసారి అడిగి చూద్దాం. రెండు గ్రూపులూ కేవలం యాదృచ్ఛికంగా విడిపోయినవే అనుకుంటే, ఇంత తేడాగానీ ఇంతకు మించిన తేడాగానీ కనబడే అవకాశం ఎంత? పి-విలువ చెప్పేది ఇంతే. మరి మన ట్రయల్లో గ్రూపులు ఎలా విడిపోయాయి? పట్టికకు రెండు పేజీల ముందు మనమే రొమ్ము విరుచుకుని రాశాం: కంప్యూటర్‌తో యాదృచ్ఛిక సంఖ్యలు తీశాం, సీలు వేసిన కవర్లలో పెట్టాం, వచ్చిన రోగికి వచ్చిన కవరు విప్పాం అని. అంటే నాణెం ఎగరేసింది మనమే. బొమ్మ పడ్డాక, ఇది నాణెం వల్లే పడిందా లేక ఏ గ్రహబలం వల్లనైనా పడిందా అని సోదె చెప్పించుకుంటున్నదీ మనమే.

సోదెలో ఏం వచ్చినా ఫలితం ఒకటే కావడం ఇంకా ముచ్చటైన సంగతి. పి 0.40 వచ్చిందనుకోండి, "తేడా యాదృచ్ఛికమే" అని రాస్తాం. 0.03 వచ్చిందనుకోండి, "రాండమైజేషన్ సక్రమంగానే జరిగింది కనుక ఈ తేడా యాదృచ్ఛికమే" అని రాస్తాం. "పి 0.03 వచ్చింది, మా కవర్లను మా హౌస్ సర్జన్ దీపం ముందు పెట్టి చూశాడేమో" అని రాసిన థీసిస్ నేనింతవరకూ చూడలేదు. ఏ జవాబు వచ్చినా చేసే పని మారనప్పుడు ఆ ప్రశ్న అడగడం దేనికి? పైగా పట్టికలో ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 లక్షణాలుంటే, రాండమైజేషన్ ఎంత పవిత్రంగా జరిగినా కనీసం ఒకదాంట్లో 0.05 కన్నా తక్కువ పి వచ్చే అవకాశం 64 శాతం. ఆ ఒక్కటి వచ్చిన రోజు పీజీ డాక్టరు ముఖం చూడాలి, పెళ్లింట పీనుగ లేచినట్టుంటుంది.

ఇదేదో నేను కనిపెట్టిన రహస్యం కాదు. డగ్లస్ ఆల్ట్‌మన్ అనే బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త 1985లోనే ఈ పద్ధతిలోని అర్థరాహిత్యాన్ని విడమరచి రాశారు. ట్రయల్ నివేదికలు ఎలా ఉండాలో చెప్పే కన్సార్ట్ మార్గదర్శకాల 2010 వివరణ కూడా బేస్‌లైన్ పట్టిక కావాలని అడుగుతూ, అందులో ఈ పరీక్షలు మాత్రం వద్దంటుంది. మనవాళ్లు ఆ మాటలో సగం విన్నారు. పట్టిక పెట్టారు.

1948లో అచ్చయిన ఒక ట్రయల్ నివేదిక దగ్గరికి వెళ్దాం. యుద్ధం ముగిసిన బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ కొరతగా ఉన్న రోజులవి. మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 107 మంది క్షయ రోగులను తీసుకుని 55 మందికి మంచం మీద విశ్రాంతితో పాటు మందు, 52 మందికి విశ్రాంతి మాత్రమే ఇచ్చింది. యాదృచ్ఛిక సంఖ్యలతో కేటాయింపు తయారుచేసినవారు బ్రాడ్‌ఫోర్డ్ హిల్. సీలు వేసిన కవర్లు అప్పుడూ ఉన్నాయి. రోగులు చేరినప్పుడు వాళ్ల ఒంటి పరిస్థితి ఎలా ఉందో ఆ నివేదికలోని మొదటి పట్టిక చెబుతుంది. మందు గ్రూపులో బాగున్నవారు 8, ఫరవాలేదనిపించినవారు 17, దిగజారినవారు 30. పోలిక గ్రూపులో అవే లెక్కలు 8, 20, 24. కుడిపక్కన పి-విలువ లేదు.

ఇవాళ్టి రివ్యూయర్ ఒకాయన చేతికి ఆ కాగితం చిక్కి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. "హిల్ గారూ, దిగజారిన రోగులు ఒకవైపు 55 శాతం, ఇంకోవైపు 46 శాతం ఉన్నారు. పి-విలువ ఇవ్వకుండా గ్రూపులు పోల్చదగినవని ఎలా నమ్మమంటారు?" సరే, ఆయన ముచ్చట మనమే తీరుద్దాం. కైవర్గ పరీక్ష చేస్తే పి సుమారు 0.39 వస్తుంది. రివ్యూయర్ గారు తృప్తిగా తల పంకించి ఆమోదముద్ర వేస్తారు.

ఇప్పుడు ఒక అల్లరి పని చేద్దాం. శాతాలను ముట్టుకోకుండా రోగుల సంఖ్యను మాత్రం పదింతలు చేద్దాం. మందు గ్రూపులో 550 మందిలో 300, పోలిక గ్రూపులో 520 మందిలో 240. అదే 55 శాతం, అదే 46 శాతం. దిగజారిన రోగులు ఒకవైపు ఎక్కువ కావడం వల్ల ఫలితం ఎంత పక్కకు ఒరుగుతుందో, ఆ ఒరుగుడు ఇక్కడా అంతే. పి మాత్రం 0.006కి పడిపోతుంది! ఇందాక ఆమోదముద్ర వేసిన చెయ్యే ఇప్పుడు ఎర్ర సిరా కలం అందుకుంటుంది. గ్రూపుల మధ్య అసమానత ఎంతో చెప్పాల్సిన అంకె, నిజానికి ట్రయల్ ఎంత పెద్దదో చెబుతోంది. ఇరవై మందితో చేసిన చిన్న ట్రయల్లో భారీ తేడాలు కూడా పి దృష్టిలో పడకుండా తప్పించుకుపోతాయి. మన థీసిస్‌లు ఎక్కువగా చిన్న ట్రయల్సే కనుక, పి-విలువ వాటికి ప్రసాదంలా ప్రతిసారీ తీపిగానే అందుతుంది.

రాజుగారికి ఇంకో లోపం కూడా ఉంది. రెండు నిలువు వరసల్ని అటూ ఇటూ మార్చేయండి: దిగజారినవారు పోలిక గ్రూపులో ఎక్కువ, మందు గ్రూపులో తక్కువ. పి అదే 0.39. వైద్యుడి కంటికి మాత్రం లోకమే తలకిందులైంది. అసలు పట్టికలో ఎక్కువ దిగజారినవాళ్లు మందు వైపున్నారు. అంటే అసమానత మందుకు ఎదురుగా పనిచేస్తోంది. అయినా ఆరు నెలల్లో మందు గ్రూపులో చనిపోయింది 55 మందిలో నలుగురు, పోలిక గ్రూపులో 52 మందిలో 14 మంది. కాబట్టి ఈ గెలుపును బేస్‌లైన్ తేడాకు అంటగట్టే వీల్లేదు. తేడా తిరగబడి ఉంటే మాత్రం, మందు వైపు తేలికపాటి రోగులు పడ్డారు కదా, ఫలితంలో దాని వాటా ఎంత అని తప్పకుండా అడగాలి. పట్టికను చదవడమంటే ఇదే: ఏ లక్షణం జబ్బు గతిని మారుస్తుంది, తేడా ఎంత, ఎటువైపు ఒరిగింది? ఈ మూడింటిలో ఒక్కదానికీ పి దగ్గర సమాధానం లేదు. హిల్ బృందం సిగ్నిఫికెన్స్ పరీక్షలు తెలియక మానేసిందనుకునేరు. మరణాల తేడాకు పరీక్ష చేశారు. అక్కడ ప్రశ్నకు అర్థముంది, ఎందుకంటే మందు పనిచేసిందో లేదో ఎవరికీ ముందు తెలియదు.

ఉత్త అలంకారమైతే పోనీలే అనుకోవచ్చు. కానీ ఈ వరస కీడు కూడా చేస్తుంది. పి 0.05 లోపు వచ్చిన లక్షణాలనే ఏరి, తుది విశ్లేషణలో వాటికి మాత్రమే సర్దుబాటు చేసే ఆచారం ఒకటుంది. దాంతో రోగుల ఎత్తులో అనుకోకుండా తేడా వస్తే, జబ్బుకూ ఎత్తుకూ ఏ సంబంధం లేకపోయినా దానికి రాజమర్యాదలు దక్కుతాయి. ప్రాణాల్ని నిర్ణయించే లక్షణం పి 0.30తో గుమ్మం బయట నిలబడిపోతుంది. ప్రైమరీ బిలియరీ సిరోసిస్ అనే కాలేయ జబ్బు మీద అజాథయోప్రిన్ ట్రయల్ ఫలితాలు 1985లో వచ్చాయి. మామూలు పోలికలో మందుకు స్పష్టమైన లాభం తేలలేదు. ఆ జబ్బులో రక్తంలోని బిలిరుబిన్ ఆయుష్షును గట్టిగా సూచిస్తుంది. దాంట్లో గ్రూపుల మధ్య ఉన్నది చిన్న తేడానే. దాన్నీ, జబ్బు గతిని చెప్పే ఇతర లక్షణాలనూ లెక్కలోకి తీసుకున్నాకనే మందు లాభం బయటపడింది. అందుకే సర్దుబాటు చేయాల్సిన లక్షణాలను జబ్బు గురించిన జ్ఞానంతో, ప్రోటోకాల్ రాసేటప్పుడే ఎంచుకోవాలి. ఆ లక్షణం బేస్‌లైన్‌లో సమానంగా ఉన్నా లేకపోయినా సర్దుబాటు చేయాలి. పట్టిక చూశాక ఎంచుకోవడమంటే పరీక్ష రాశాక సిలబస్ నిర్ణయించుకోవడమే.

ఎదుటి పక్షం చివరి అస్త్రం ఒకటి మిగిలింది: "రాండమైజేషన్‌లో మోసం జరిగితే ఎలా తెలుస్తుందండీ?" ప్రశ్న మంచిదే. 2017లో జాన్ కార్లైల్ అనే బ్రిటిష్ మత్తు వైద్యుడు వేలాది ట్రయల్స్ బేస్‌లైన్ పట్టికల్ని జల్లెడ పట్టారు. అందులో స్పెయిన్‌లో మధ్యధరా ఆహారం మీద జరిగిన ప్రసిద్ధ ప్రెడిమెడ్ ట్రయల్ కూడా తేలింది. పరిశోధకులు వెనక్కి వెళ్లి రికార్డులు తీస్తే, ఒకే ఇంట్లో రెండో మనిషిని రాండమైజ్ చేయకుండా మొదటివారి గ్రూపులోనే వేసిన సందర్భాలు, ఒకచోట మనుషుల్ని విడివిడిగా కాకుండా క్లినిక్ మొత్తాన్నీ ఒకే గ్రూపుకు కేటాయించిన సంగతి బయటపడ్డాయి. 2013 నాటి ఆ వ్యాసాన్ని 2018లో ఉపసంహరించి, సవరించి మళ్లీ అచ్చువేశారు. అయితే గమనించండి, కార్లైల్ అడిగిన ప్రశ్న వేరు. ఈ కేటాయింపు నిజంగా యాదృచ్ఛికమేనా అని బయటివాడు అనుమానంతో అడిగాడు. గ్రూపులు పోల్చదగినవా అని అడగలేదు. ఒక్కొక్క వరసలో 0.05 గీత గీసి సంబరపడలేదు, మొత్తం అంకెల తీరును చూశాడు. తేడాలు మరీ ఎక్కువున్నా, మరీ తక్కువున్నా అతనికి అనుమానమే. మన థీసిస్‌లో ప్రతి పి-విలువా 0.9 దాటితే మనం స్వీట్లు పంచుకుంటాం. కార్లైల్ లాంటివాడు కవర్లు ఎక్కడున్నాయని అడుగుతాడు.

ఈ పాపంలో సాఫ్ట్‌వేర్‌కూ వాటా ఉంది. ఆర్‌లో ఈ పట్టిక తయారుచేసే ప్యాకేజీ గ్రూపులవారీగా అడిగితే, ఎవరూ కోరకుండానే పి వరసను కలిపి వడ్డిస్తుంది. వద్దని చెప్పడానికి పట్టే శ్రమ ఇంత:

```
CreateTableOne(vars = v, strata = "group",
               data = d, test = FALSE)
```

రాజుగారు దిగిపోయాక పట్టికలో జాగా మిగులుతుంది. రాండమైజ్ అయిన ప్రతి రోగీ తాను పడిన గ్రూపు కిందే కనబడాలి, మందు మధ్యలో మానేసినవారు కూడా. లెక్కించేవాటికి సంఖ్యా శాతమూ, కొలిచేవాటికి సగటూ ప్రామాణిక విచలనమూ ఇవ్వాలి. విచలనానికి బదులు ప్రామాణిక దోషం వేసి రోగులంతా కవల పిల్లల్లా ఉన్నట్టు చూపించే విద్య వద్దు. బిలిరుబిన్‌లా ఒకవైపు సాగిపోయే కొలతలకు మధ్యస్థమూ క్వార్టైల్సూ కావాలి. మిగిలిన జాగాలో, ఏ కొలత ఎంతమందికి అసలు తీయనేలేదో ఆ సంఖ్య వేస్తే సరి. థీసిస్‌లలో నేను ఎంత వెతికినా దొరకని వరస అదొక్కటే.