పచ్చగా ఉంటే సరిపోదండి

పచ్చదనం చూస్తే కళ్ళకి చలవ అంటారు. అదే నిజమైతే మా కడియం మండలంలో కళ్ళజోళ్ళ దుకాణం ఒక్కటీ బతక్కూడదు. కడియపులంకలో ఎటు తిరిగినా క్రోటన్లు, పామ్‌లు, మామిడి అంట్లు. వాటి మధ్యనే ఉన్న నర్సరీ ఆఫీసులో లెక్కలు చూసే నా కళ్ళు మాత్రం సాయంత్రానికి చింతనిప్పులు.

తొలకరి పడిందంటే ఊళ్ళోకి లారీలు వరుస కడతాయి. ఏ లారీలో ఎన్ని మొక్కలు, ఎంత సైజు కవర్లు అన్నీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించాలి. నా అవస్థ చూసి మా ఓనరుగారు జాలిపడి, మనీప్లాంటు కుండీ ఒకటి తెచ్చి స్క్రీన్ పక్కనే పెట్టారు. "మధ్యమధ్యలో దీన్ని చూడండి, కళ్ళు చల్లబడతాయి" అన్నారు.

చల్లబడలేదు. కంటిలో కటకం చుట్టూ ఓ చిన్న కండరం ఉంటుంది. దగ్గర వస్తువు చూస్తున్నంతసేపూ అది బిగిసే ఉంటుంది, దూరం చూసినప్పుడే సడలుతుంది. రంగుతో దానికి పనిలేదు. స్క్రీన్ రెండడుగుల్లో ఉండి, మనీప్లాంటూ రెండడుగుల్లోనే ఉంటే దానికి సెలవు దొరికినట్టు కాదు. అందుకే ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల అవతలకి, ఇరవై సెకన్లు చూడమంటారు. జెఫ్రీ ఆన్షెల్ అనే అమెరికా కంటి నిపుణుడు ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. మూడుచోట్లా ఇరవై పెట్టింది గుర్తుండడానికే, పాతికో నిమిషానికి చూసినా కొంప మునగదు. నేను గేటు అవతలి కొబ్బరిచెట్టు మొవ్వు చూస్తాను. చిక్కేమిటంటే, నేను గేటువైపు చూడగానే ఓనరుగారూ, లోడింగు కుర్రాళ్ళూ "ఎవరొచ్చారండీ?" అని అటే చూస్తారు. అందరి కళ్ళకీ విశ్రాంతే.

దూరం చూసినా తీరనిది మంట. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లో ఎన్నో రెప్ప వేసే మనం, స్క్రీన్ ముందు అందులో సగం కూడా వెయ్యం. వేసినా సగం మూసి వదిలేస్తాం. కంటిమీది తడిపొర ఆరిపోయి ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. ఆ గరగరకి కన్ను గాభరాపడి ఒక్కసారిగా నీళ్ళు కారుస్తుంది. టేబుల్ ఫ్యాను సూటిగా మొహానికి పెట్టుకుంటే మరీను. ఓసారి నేనలా ధారగా కారుస్తూ బిల్లు చేతికిస్తుంటే, కొనడానికొచ్చినాయన "బిల్లు చూసి ఏడవాల్సింది నేను కదండీ, మీకేం వచ్చింది?" అన్నాడు. ఫ్యాను పక్కకి తిప్పాను. అప్పుడప్పుడు రెప్పలు పూర్తిగా మూసి తెరుస్తున్నాను. ఆ రెంటితో చాలావరకు తగ్గింది.

ఇక మెడ. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తులోనో, కాస్త కిందో ఉండాలంటారు. ల్యాప్‌టాప్‌ని అలా ఎత్తితే చేతులు గాల్లో తేలతాయి కాబట్టి కీబోర్డు విడిగా కొనుక్కోవాలి. మోచేతులు ఒంటికి దగ్గరగా, ఇంచుమించు లంబకోణంలో వంగి ఉండాలి. కుర్చీ పెంచితే కాళ్ళు వేలాడాయి. వాటి కిందకి మన ఊరి సరుకు, కొబ్బరిపొట్టు దిమ్మ ఒకటి లాక్కున్నాను.

ఇన్ని చేసినా మెడ పట్టేసేది. కారణం కుర్చీ కాదు, నా కళ్ళజోడు. నాది బైఫోకల్. దగ్గరకి చూసే అద్దం కింది భాగంలో ఉంటుంది. ఎత్తుగా ఉన్న స్క్రీన్ అందులోంచి కనబడాలంటే గడ్డం పైకెత్తాలి. రోజంతా కూతకి సిద్ధమైన కోడిపుంజులా కూర్చునేవాణ్ణి. పైగా ఆ అద్దం పుస్తకం పట్టుకునే దూరానికి, అంటే దాదాపు 40 సెంటీమీటర్లకి చేసింది. స్క్రీనేమో చెయ్యి చాపినంత దూరంలో ఉంది. అందుకని గడ్డం ఎత్తడమే కాక ముందుకీ వాలేవాణ్ణి. బైఫోకల్ వాళ్ళు స్క్రీన్‌ని ఇంకా కిందకి దించి, కొంచెం వెనక్కి వాల్చుకోవాలి. అంతకన్నా మేలు, స్క్రీన్ దూరానికే విడిగా జోడు చేయించుకోవడం. నేను టేపుతో కంటినుంచి స్క్రీన్ దాకా కొలిచి, 65 సెంటీమీటర్లని చీటీమీద రాసుకుని రాజమండ్రి వెళ్ళాను. కంటి డాక్టరుగారు ఆ చీటీ చూసి, "ఇదొక్కటీ అందరూ కొలుచుకొస్తే నాకు సగం పని తప్పును" అన్నారు.

ఎంత బాగా కూర్చున్నా, కదలకుండా కూర్చుంటే నడుము ఊరుకోదు. అరగంటకోసారి లేవడమే దానికి మందు. బిల్లు రాసే ముందు ఆ మొక్కలు మడిలో ఉన్నాయో లేవో ఫోన్‌లో అడిగేవాణ్ణి, ఇప్పుడు నడిచి వెళ్ళి చూసొస్తున్నాను. అక్కడ అంట్లు కట్టే పిన్నిగారు కూడా పీటమీంచి లేచి నడుము విరుచుకుంటోంది. నా గోడంతా విని నవ్వింది.

"ఆయ్, మీకు కూచుంటే వచ్చిందండి, మాకు వంగితే వచ్చింది. రేపట్నించి పూటా పూటా మార్చేసుకుందారండీ. అంటు కట్టడం నేర్పుతాను. కానీ బాబుగారూ, బతక్కపోతే ఆ మొక్క మీ బిల్లులోనే రాసుకోవాలి."