మూడు గళ్ల పంచాయితీ

తెలుగు వ్యాకరణం నేర్పడానికి వాడుకలో ఉన్న అభ్యాసాలన్నిటిలోకీ తయారుచేయడానికి తేలికైనదీ, తప్పుదారి పట్టించడంలో ధీమా గలదీ గళ్ల అభ్యాసం. పేజీ పైభాగాన ఒక చతురస్రంలో పది పన్నెండు మాటలను కలగాపులగంగా అచ్చువేసి, వాటి కింద నామవాచకం, క్రియ, విశేషణం అని మూడు గళ్లు గీసి, పై పదాలను వర్గీకరించి రాయమని విద్యార్థిని ఆదేశిస్తారు. పేరును తెలిపేది నామవాచకమనీ, పనిని తెలిపేది క్రియ అనీ, నామవాచకపు గుణాన్నో సంఖ్యనో తెలిపేది విశేషణమనీ ముందు పేజీలోనే చెప్పి ఉంటారు కనుక, ఇక ఒక్కో మాటనూ రెక్క పట్టుకుని దాని గదిలో కూర్చోబెట్టడమే మిగిలిందని అభ్యాసకర్త నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం గైడు వెనక ఉండే ‘కీ’. ఆ కీకి ఆధారమేమిటని సాధారణంగా ఎవరూ అడగరు కనుక ఈ ఏర్పాటు ప్రశాంతంగా సాగిపోతూ ఉంటుంది.

పుస్తకం, వెళ్లాడు, నల్లని వంటి మాటలతో జాబితా నింపినంత కాలం ఎవరికీ పేచీ ఉండదు. అయితే తెలుగులో రోజూ నలిగే పొట్టి మాటలు కొన్నిటిని చేర్చకుండా ఏ జాబితా పూర్తికాదు కాబట్టి, అందులోకి చదువు, తప్పు, పండు, మంచి, ఆరు, కట్టు వంటివి వచ్చి కూర్చుంటాయి, అక్కడి నుంచే వినోదం మొదలవుతుంది. బడి పుస్తకం గనక ముందుగా ‘చదువు’ అన్న మాటనే పరీక్షించడం న్యాయం. “వాడి చదువు ఆగిపోయింది”, “ఆమె చదువుకు దూరమైంది”, “పెద్ద చదువులు” అన్నప్పుడు అది బహువచనాన్నీ విభక్తినీ, అంటే ని, కు, తో వంటి ప్రత్యయాలనూ, అడ్డు చెప్పకుండా తీసుకుంటోంది కనుక నామవాచకమే. “ఈ ఉత్తరం చదువు” అన్నప్పుడు అదే మాట, ఒక్క అక్షరం మారకుండా, క్రియ. ఎందుకంటే తెలుగులో చాలా ధాతువులు ఏ ప్రత్యయమూ తగిలించుకోకుండానే ఎదుటివాడికి ఆజ్ఞగా పనికివస్తాయి. ఇక గ్రాంథిక భాషలో ‘చదువు బాలుడు’ అంటే చదివే స్వభావం గల బాలుడు. కాలంతో పనిలేకుండా స్వభావాన్ని మాత్రమే చెప్పే ఈ రూపాన్ని వ్యాకరణాలు తద్ధర్మార్థకమంటాయి, అది బాలుడనే నామవాచకానికి విశేషణం. 1858లో బాలవ్యాకరణం వెలువరించిన చిన్నయసూరి సమక్షంలో విచారణ జరిగితే ‘చదువు’ మూడు గళ్లలోనూ హక్కుగా కూర్చోగలదు, కాని కీ మాత్రం దానికి ఒకే గడి మంజూరు చేస్తుంది. బడిలో చదువు వట్టి పేరుగా మిగిలిందా, పనిగా జరుగుతోందా అన్నది తేలని ఊళ్లు ఇంకా ఉన్నాయి కనుక, ఆ ఒక్క గడి ఏదైనా కీని మరీ తీవ్రంగా తప్పుపట్టడం భావ్యం కాకపోవచ్చు.

‘తప్పు’ అన్న మాట విషయంలో వ్యవహారం ఇంకా రసవత్తరం. “వాడు తప్పు చేశాడు”, “తప్పులు దిద్దండి” అన్నచోట అది పేరు. “బండి దారి తప్పింది”, “గండం తప్పింది” అన్నచోట అది కాలాన్ని బట్టి రూపం మార్చుకునే నిఖార్సయిన క్రియ. “తప్పు లెక్క”, “తప్పు జవాబు” అన్నచోట పక్కనున్న మాటకు గుణం అంటగడుతోంది కనుక విశేషణమని వాదించేవారున్నారు. ఈ మూడు ఉద్యోగాలనూ వేరుచేయడానికి కళ్లు మూసుకుని ఊహించనక్కరలేదు, వ్యతిరేకార్థంలోకి మార్చి చూస్తే చాలు: పేరైతే “తప్పు కాదు” అనవలసి వస్తుంది, క్రియ అయితే “తప్పదు” అనో “తప్పలేదు” అనో వస్తుంది, నామవాచకం ముందు నిలబడ్డ తప్పుకు స్వతంత్రంగా ఏ వ్యతిరేకరూపమూ రాదు, మొత్తం “తప్పు లెక్క కాదు” అనవలసిందే. అంటే ఆ మాట ఏ వర్గానిదో తేల్చే సాక్ష్యమంతా దాని పక్కన ఉన్న మాటల్లోనూ, దాని వెనక చేరే ప్రత్యయాల్లోనూ ఉంది, గళ్ల అభ్యాసమైతే సరిగ్గా ఆ సాక్ష్యాన్నే కత్తిరించి పారేసి, మిగిలిన అక్షరాలను విద్యార్థి ముందు పెట్టి తీర్పు చెప్పమంటుంది. తప్పును క్రియల గడిలో రాసిన విద్యార్థి కాగితం మీద ఎర్ర సిరాతో “తప్పు” అని రాసే ఉపాధ్యాయుడు, తాను రాసిన ఆ మాట ఏ గడికి చెందుతుందో కూడా పక్కన సూచిస్తే భాషాశాస్త్రానికి మేలు చేసినవాడవుతాడు.

ఈ అభ్యాసం చేసే మరో ఘనకార్యం రెండు వేర్వేరు సంగతులను ఒకే సంచిలో వేయడం. “బట్టలు ఆరింటికి ఆరాయి” అన్న వాక్యంలో గంటల లెక్క చెప్పే ఆరుకూ, తడి పోవడాన్ని చెప్పే ఆరుకూ అర్థంలో ఏ చుట్టరికమూ లేదు, రూపం మాత్రం కాకతాళీయంగా కలిసింది. అందుకే నిఘంటువుల్లో అవి రెండు వేర్వేరు ఆరోపాలు, అంటే రెండు వేర్వేరు పదాలుగా నమోదవుతాయి. తప్పు, చదువు అలాంటివి కావు, ఒకే అర్థమూలం పేరుగానూ పనిగానూ రెండు కొలువులు చేస్తోంది. మొదటి రకంలో “ఏ ఆరు?” అని అడగాలి, రెండో రకంలో “తప్పు ఇక్కడ ఏం చేస్తోంది?” అని అడగాలి. గళ్ల అభ్యాసం రెండూ అడగదు. పైగా సంఖ్య చెప్పే ఆరు మాత్రమే తీసుకున్నా గొడవ తీరదు, ఎందుకంటే “ఆరు మామిడిపళ్లు” అన్నప్పుడు అది సంఖ్యను తెలిపే విశేషణం, “ఆరును రెండుతో భాగించు” అన్నప్పుడు విభక్తి తగిలించుకున్న నామవాచకం.

కీ రాసేవారిని నిజంగా ఇబ్బందిపెట్టవలసిన మాట ‘పండు’. “పండు గుజ్జు” అన్నప్పుడూ “పండు మిరపకాయ” అన్నప్పుడూ పండు మరొక పేరు ముందే నిలబడింది, అయినా రెండు చోట్లా అది చేస్తున్న పని ఒకటి కాదు. ‘పండిన’ అన్న మాటను దాని స్థానంలో పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది: పండు మిరపకాయ అంటే పండిన మిరపకాయే, పండుటాకు అంటే పండిన ఆకే, పండు గుజ్జు మాత్రం పండిన గుజ్జు కాదు, పండు యొక్క గుజ్జు. మొదటిది పండు అనే క్రియ నుంచి వచ్చి విశేషణపు కొలువు చేస్తోంది, రెండోది నామవాచకమే, మరో నామవాచకం ముందు నిలబడింది అంతే. కట్టుబట్టలు, కట్టుకథ అన్న మాటలు కూడా మొదటి తెగవే. “వైద్యుడు కట్టు కట్టాడు” అన్న వాక్యంలో పేరూ పనీ భుజాలు రాసుకుంటూ నిలబడ్డా చదివేవాడికి ఏ సందేహమూ రాదు.

నామవాచకం ముందు నిలబడ్డ ప్రతిదీ విశేషణమేనన్న భ్రమకు మందు కూడా భాషలోనే ఉంది. చాలా నామవాచకాలు మరో పేరు ముందు నిలబడేటప్పుడు రూపం మార్చుకుంటాయి, ఇల్లు ఇంటి పైకప్పు అవుతుంది, రాయి రాతి గోడ అవుతుంది. వ్యాకరణం దీన్ని ఔపవిభక్తిక రూపమంటుంది, అది కనిపించిందంటే అక్కడున్నది నామవాచకమేనని దాదాపు నిశ్చయించుకోవచ్చు. పట్టు, తప్పు వంటివి రూపం మార్చుకోవు గనక ఈ పరీక్ష అక్కడ మూగబోతుంది, అప్పుడు ‘చాలా’ చేర్చి చూడాలి: “చాలా మంచి మనిషి” అనవచ్చు, “చాలా పట్టు చీర” అని ఎవరూ అనరు. మంచి ఈ పరీక్ష నెగ్గింది కదా అని దాన్ని విశేషణాల గడిలో పెట్టి తాళం వేయబోతే, “మంచికి పోతే చెడు ఎదురైంది” అన్న సామెత అడ్డుతగులుతుంది, ఎందుకంటే అక్కడ అదే మంచి ‘కి’ ప్రత్యయం తగిలించుకుని దర్జాగా నామవాచకమై కూర్చుంది. పెళ్లిలో ఒకే మనిషి ఒకరికి అల్లుడూ ఇంకొకరికి బావా మరొకరికి బాబాయీ అయినట్టే మాట కూడా ఎదుటివారిని బట్టి వరస కలుపుకుంటుంది; పందిట్లో కూర్చున్నవారిని అల్లుళ్లూ బావలూ బాబాయిలూ అని మూడు జాబితాలుగా విడగొట్టమంటే ఆ పురోహితుణ్ణి ఎవరూ పండితుడనరు.

ఈ మూడు గళ్లూ భాష పుట్టినప్పటి నుంచీ ఉన్నాయన్నట్టు ప్రవర్తించడం అభ్యాసకర్తల మరో అలవాటు. యాస్కుడు నిరుక్తంలో నామం, ఆఖ్యాతం అంటే క్రియ, ఉపసర్గ, నిపాతం అని నాలుగు రకాలు చెప్పాడు, వాటిలో విశేషణానికి వేరే గది లేదు. క్రీ.పూ. 2వ శతాబ్దపు గ్రీకు వ్యాకర్త దియోనీసియస్ థ్రాక్స్ పేర ఉన్న గ్రంథం ఎనిమిది భాషాభాగాలను లెక్కించి కూడా విశేషణాన్ని నామంలోనే ఒక రకంగా ఉంచింది. పాణిని ఇంకా పొదుపరి. నామ విభక్తి చివర ఉన్నదీ, క్రియా ప్రత్యయం చివర ఉన్నదీ, ఈ రెండే పదాలని నిర్వచించి, ప్రత్యయం చేరకముందున్న రూపాలకు ప్రాతిపదిక అనో ధాతువు అనో వేరే పేర్లు పెట్టాడు. ఆయన లెక్కన గళ్ల పైన చతురస్రంలో బోసిగా అచ్చయిన చాలా మాటలు పదాలే కావు గనక, “పదాలను వర్గీకరించండి” అన్న ఆదేశం మొదటి మాటలోనే వీగిపోతుంది.

ఇలాంటి మాటలు ఏవో కొన్నేననీ, పిల్లల సౌకర్యం కోసం వాటిని ఉపేక్షించవచ్చనీ సమర్థించేవారు ఒక పాత లెక్కను గమనించాలి. 1961లో అమెరికాలో అచ్చయిన రచనల నుంచి పది లక్షల మాటలు ఏర్చి కూర్చిన బ్రౌన్ కార్పస్‌లో (ఈ బ్రౌన్ తెలుగువారి సి.పి. బ్రౌన్ కాదు, ఒక విశ్వవిద్యాలయం) ఒకటికి మించిన వర్గాల్లో పనిచేసే ఇంగ్లీషు మాటలు, విడివిడి మాటల పట్టికలో లెక్కిస్తే, సుమారు 11 శాతమే. అవే మాటలు నడుస్తున్న వాక్యాల్లో ఎన్నిసార్లు తగులుతాయో లెక్కిస్తే మొత్తంలో సుమారు 40 శాతం తేలింది. రెండు కొలువులు చేసే మాటలు తక్కువే, కాని అవే ఎక్కువగా వాడుకలో ఉన్నవి. ఆ అంకెలు ఇంగ్లీషువి, తెలుగులో ప్రత్యయాలు మాటకే అతుక్కుని దాని వర్గాన్ని బయటపెడతాయి కనుక ఇక్కడి వాక్యాల్లో చిక్కు అంతకంటే తక్కువగా ఉండే అవకాశం ఉంది. ఆ వెసులుబాటును కూడా, ప్రత్యయాలు ఊడబెరికి మాటలను జాబితాలో పెట్టడం ద్వారా, గళ్ల అభ్యాసం పిల్లలకు దక్కనివ్వదు.

కాబట్టి అభ్యాసాలు తయారుచేసే పెద్దలకు మనవి ఒక్కటే. చతురస్రంలో మాటకు బదులు వాక్యం అచ్చువేసి, మాట కింద గీత గీసి, అక్కడ అది ఏ పని చేస్తోందో అడగండి. లేదా తప్పు, పండు, చదువు వంటి మాట ఒక్కటే ఇచ్చి, దాన్ని పేరుగానూ పనిగానూ గుణంగానూ వాడి మూడు వాక్యాలు రాయమనండి. పుస్తకంలో అంత చోటు లేదంటారా, కనీసం ఒక మాటను రెండు గళ్లలో రాసిన విద్యార్థికి మార్కులు కోయడం మానండి. ఆ విద్యార్థికి కీ రాసినవారి కంటే తెలుగు బాగా వచ్చు.