నారింజ బటన్ విజయయాత్ర

"సాయంత్రం మూడ్, నారింజ బటన్ ఉన్న యాడ్‌కి 38 శాతం ఎక్కువ క్లిక్కులొచ్చాయి సార్!" హైటెక్ సిటీ మీటింగ్ రూముల్లో ఈ స్లైడ్ తెర మీద పడగానే క్లయింటు తల ఆడిస్తాడు, ఏజెన్సీ బిల్లు పాసైపోతుంది. ఆ 38 ఎక్కడ పుట్టిందో మాత్రం ఎవరూ అడగరు.

మనమే ఒక లెక్క వేసి చూద్దాం. కోకాపేటలో ఫ్లాట్లు అమ్మాలి. టవర్ బొమ్మ ఒక్కటే. దాని వెనక ఆకాశం ఉదయం, సాయంత్రం, రాత్రి అని మూడు రకాలు. హెడ్‌లైన్‌కి ఖాళీ పైన ఒకసారి, పక్కన ఒకసారి. బటన్ నారింజ లేదా ఆకుపచ్చ. మొత్తం 12 యాడ్లు. ఒక్కోదానికి వెయ్యి రూపాయలు. వెయ్యి సార్లు చూపించడానికి వంద ఖర్చనుకుంటే ఒక్కో యాడ్ పదివేల సార్లు కనిపిస్తుంది. నూటికి ఒకరు నొక్కితే 100 క్లిక్కులు.

ఇప్పుడు అసలు తమాషా. ఆ పన్నెండూ అచ్చంగా ఒకే యాడ్ అయినా సరిగ్గా వందేసి రావు. పది అటూ ఇటూ ఊగడం మామూలే. పన్నెండు ఊగుతుంటే ఒకటి 116కి ఎక్కడం, ఇంకొకటి 84కి దిగడం కూడా మామూలే. 84 మీద 116 అంటే ఎంత ఎక్కువ? అక్షరాలా 38 శాతం! దీనికన్నా చిలక జోస్యం నయం, చిలక పవర్‌పాయింట్ చెయ్యదు.

ఒకసారికి ఒక్కటే మార్చాలన్న సూత్రం మంచిదే. కానీ మార్పు ఎంత చిన్నదైతే దాన్ని పట్టుకోవడానికి అంత పెద్ద జనం కావాలి. నూటికి 1 క్లిక్కు 1.2 అయిందని కాస్త ధీమాగా చెప్పాలంటే ఒక్కో వైపు 43 వేల సార్లు చూపించాలి. ఆరు నారింజ యాడ్లనీ ఒకచోట, ఆరు ఆకుపచ్చ యాడ్లనీ ఒకచోట కలిపితే చెరో 60 వేలు, రంగు సంగతి ఇదే డబ్బుతో తేలిపోతుంది. అలా కలిపితే చాలాసార్లు రెండూ సమానమని తేలుతుంది. సమానానికి స్లైడ్ ఎవడు కడతాడు? పైగా మామూలుగా వదిలేస్తే ప్లాట్‌ఫారమ్ తొలి గంటల్లో ముందున్న యాడ్‌కే ఎక్కువ డబ్బు మళ్లిస్తుంది. పోటీ సగంలో ఉండగానే విజేతకి పూలదండ!

ఈ హడావుడిలో ఎవరూ ముట్టుకోనివి రెండున్నాయి: ధర, తాళాలిచ్చే తేదీ. ఇక రెరా చట్టం యాడ్‌లో రిజిస్ట్రేషన్ నంబరు వెయ్యమంది, అథారిటీ వెబ్‌సైట్ చిరునామా ప్రముఖంగా కనబడాలంది. హెడ్‌లైన్‌కి ఎంత ఖాళీ వదలాలని నాలుగు మీటింగులు పెట్టినవాళ్లు ఆ నంబరునీ, చిరునామానీ మాత్రం భూతద్దానికి అప్పగిస్తారు.

ఈసారి స్లైడ్ రాగానే క్లయింటు ఒక్క పని చేస్తే చాలు. ఒకే యాడ్‌ని పన్నెండు పేర్లతో నడిపించమనాలి. అందులోనూ ఒక విజేత వస్తుంది. దాని విజయ రహస్యం ఏమిటో ఏజెన్సీనే వివరించమనాలి.