పేరు లేని రైతు, ఊరు చూడని విలేకరి

యంత్రం అల్లిన వార్తకు మొదటి లక్షణం శుభ్రత. అందులో అచ్చుతప్పులు ఉండవు, వాక్యం మధ్యలో తెగిపోదు. కర్లపాలెంలో ఓ కంట్రిబ్యూటర్ చెట్టుకింద నిలబడి ఫోన్లో కొట్టి పంపిన వార్తలో కర్త ఒక చోట, క్రియ మరో చోట ఉంటాయి. కానీ ఎస్సై పేరు, ప్రమాదం జరిగిన వేళ, నీళ్లు ఎక్కిన మురుగు కాల్వ పేరు కూడా ఉంటాయి. యంత్రం వార్తలో భాష నున్నగా జారుతుంది, పట్టుకుందామంటే చేతికి ఏదీ తగలదు. అందువల్ల ఇలాంటి వార్తను భాషను బట్టి పోల్చుకోవాలనుకునేవారు ముందే ఓడిపోయినట్టు.

ఈ వార్తలు పండేది చెత్త వెబ్‌సైట్లలో. వాటికి ఆఫీసు ఉండదు, విలేకరి ఉండడు. ఉండేది ప్రకటనల కోసం వదిలిన ఖాళీ జాగా. పాఠకుడు ఎన్నిసార్లు నొక్కితే అన్ని పైసలు. నిజమా అబద్ధమా అన్నది ఈ లెక్కలోకి రాదు. అమెరికాకు చెందిన న్యూస్‌గార్డ్ అనే సంస్థ 2023 మే నెలలో ఇలాంటి సైట్లు 49 ఉన్నాయని లెక్క తేల్చింది. తర్వాత ఆ లెక్క వెయ్యి దాటింది. కొన్ని వార్తల్లోనైతే 'ఈ కోరికను తీర్చలేను' అని యంత్రం చెప్పుకున్న క్షమాపణ కూడా వార్తలో భాగంగా అచ్చయింది. అచ్చువేసే ముందు ఒక్క మనిషి చదివినా అది కనిపించేది.

లక్షణాలను ఒక నమూనాపై చూడడం తేలిక. కింది వార్త ఈ కాలమ్ కోసమే తయారు చేసినది. ఇలాంటివి తుపాను వచ్చిన ప్రతిసారీ ఫోన్లలో తేలుతుంటాయి:

"తీరాన్ని వణికిస్తున్న తుపాను! గుంటూరు జిల్లా కర్లపాలెం మండలంలో కురుస్తున్న భారీ వర్షాలకు జనజీవనం అస్తవ్యస్తమైంది. ఇలాంటి పరిస్థితి ఎప్పుడూ చూడలేదని ఓ రైతు ఆవేదన వ్యక్తం చేశారు. అధికారులు అప్రమత్తమయ్యారని సంబంధిత వర్గాలు తెలిపాయి. రాబోయే గంటలు కీలకమని నిపుణులు అంటున్నారు. పూర్తి వివరాలు తెలియాల్సి ఉంది."

మొదట ఆధారం సంగతి. ఈ వార్తలో మాట్లాడింది ముగ్గురు: ఓ రైతు, సంబంధిత వర్గాలు, నిపుణులు. ముగ్గురిలో ఏ ఒక్కరికీ ఫోన్ చేసే వీలు లేదు. అప్రమత్తమైంది తహసీల్దారా, ఎంపీడీవోనా, విద్యుత్ ఏఈనా? 'సంబంధిత వర్గాలు' దేనికి సంబంధించినవో రాసినవాడికే తెలియదు. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. 'విశ్వసనీయ వర్గాల భోగట్టా' అనే మాటను యంత్రం కనిపెట్టలేదు, అది తెలుగు పత్రికల సొంత ఆస్తి. అయితే పత్రిక ఆ మాట రాసినప్పుడు, రేపు కోర్టుకు ఎవరు రావాలో కూడా అదే పత్రికలో ఉంటుంది. అచ్చువేసినవారి పేరు, ప్రచురించినవారి పేరు ప్రతి సంచికపై ఉండాలన్న నియమాన్ని 1867 నాటి చట్టమే పెట్టింది. చెత్త సైటులో 'మా గురించి' అన్న పేజీ తెరిస్తే, నిజమైన వార్తలను వేగంగా అందించడమే తమ ధ్యేయమన్న మాట ఉంటుంది. ఎవరి ధ్యేయమో ఉండదు.

తర్వాతది రైతు మాట. నిజం ఎక్కువగా బయటపడేది ఇక్కడే. బాపట్ల తీరంలో వయసు మళ్లిన రైతు తుపాను గురించి నోరు విప్పితే 1977 నవంబరు 19 నాటి ఉప్పెన రాకుండా మాట ముగియదు. ఆ తుపాను తీరం దాటింది చీరాల దగ్గరే. ఇక్కడ 'ఎప్పుడూ చూడలేదు' అనే పెద్దాయన దొరకడం కష్టం. కుర్ర రైతైనా సరే ఆవేదన వ్యక్తం చేసి ఊరుకోడు. కోత అయిందా లేదా, వరి పనల మీద ఉందా, కుప్ప వేశాడా, కౌలు ఎంత, తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ఏమంటారు, ఇవన్నీ చెబుతాడు. వేసింది 5204 అయితే ఆ సంగతీ చెబుతాడు. ఆ వంగడం పుట్టిందీ బాపట్లలోనే. యంత్రం రైతుకు పొలం లేదు కాబట్టి పంట ఊసు రాదు. అతడి కన్నీళ్లు మాత్రం ఏ జిల్లాకైనా సరిపోతాయి.

అధికారిక సమాచారం తీరు ఈ యంత్రం వార్తకు నేరుగా విరుద్ధం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. వాతావరణ శాఖ చెప్పిన ప్రకారం అది మధ్యాహ్నం పన్నెండున్నర, రెండున్నర మధ్య జరిగింది. గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఒక్కోసారి 110. ఈ సమాచారంలో కన్నీళ్లు లేవు, వణుకు లేదు. ప్రతి అంకెనూ సరిచూసుకోవచ్చు, తప్పయితే నిలదీయవచ్చు. తప్పు పట్టుకోవడానికి వీలు ఇచ్చేదే వార్త. నమూనా వార్తలో జరిగిందని చెప్పినదాన్ని మాత్రం తప్పని నిరూపించడం ఎవరి తరమూ కాదు. భారీ వర్షం పడే ఉంటుంది, రైతు బాధపడే ఉంటాడు.

మూడోది వాడిన మాటలనే మళ్లీ వాడడం. దీనికి ఊరు మార్చి చూడడం ఒక పరీక్ష. నమూనాలో కర్లపాలెం తీసేసి రేపల్లె పెట్టినా, కరీంనగర్ పెట్టినా, 'తీరం' అన్న మాట, జిల్లా పేరు తప్ప మరేదీ బెసగదు. విలేకరి ఊరు చూడలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. రెండో పరీక్షకు సెర్చ్ పెట్టె చాలు. వార్తలోంచి ఎనిమిది పది మాటల వాక్యం తీసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకాలి. ఒకే వాక్యం పదిచోట్ల దొరికిందని వెంటనే చెత్త అనేయకూడదు. వార్తాసంస్థ పంపిన కాపీ, సమాచార శాఖ ప్రెస్‌నోట్ కూడా అలాగే పదిచోట్ల కనిపిస్తాయి. కానీ వాటిలో సంఘటన ఒకటే ఉంటుంది. చెత్త వార్తలో వాక్యం అదే ఉండి, ఊరూ తేదీ తుపానూ మారిపోతుంటాయి.

పాత సరుకును పట్టించేవి చిన్న చిన్న తప్పులే. నమూనాలో కర్లపాలెం గుంటూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది బాపట్ల జిల్లా. తెనాలి మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది. యంత్రం మేసిన పాత వార్తల్లో ఈ విభజన జరగలేదు. అలాగే రైతు భరోసా కేంద్రాలు ఇప్పుడు రైతు సేవా కేంద్రాలయ్యాయి. ఇప్పటి వార్తలో పాత పేరు కనిపిస్తే అనుమానించాలి. ఇంగ్లిష్ అక్షరాల మీదుగా వచ్చిన వార్తలో రేపల్లె 'రెపల్లె' అవుతుంది, చందోలు 'చండోల్' అవుతుంది. సొంత ఊరి పేరులో దీర్ఘం ఎక్కడుందో విలేకరికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

వీటిలో ఏ ఒక్క లక్షణంతోనూ తీర్పు చెప్పకూడదు. జిల్లా పేరు పొరపాటు సబ్‌ఎడిటర్లూ చేస్తారు, బద్ధకం మనుషులకూ ఉంది. పేరున్న మనిషి లేకపోవడం, ఊరు మార్చినా చెక్కుచెదరకపోవడం, సైటుకు బాధ్యుడు లేకపోవడం, ఈ మూడూ ఒకే వార్తలో కలిస్తే మాత్రం ఇక సందేహం అనవసరం. దాన్ని వాట్సాప్ గ్రూపులో 'నిజమేనా?' అని పెట్టడం కూడా పంచడమే. సైటుకు కావాల్సింది నొక్కడం, ప్రశ్నార్థకం ఉన్నా దానికి అభ్యంతరం లేదు.

తుపాను వేళ నిజం తెలుసుకోవాలంటే రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ కంట్రోల్ రూమ్ నంబరు 1070. అక్కడ ఫోన్ ఎత్తేవారు ఉంటారు.