ఎవరో ఒకరికి తగలాల్సిందేనట!

మైత్రీవనం నుంచి బల్కంపేట ఎల్లమ్మ గుడి దాకా నడిస్తే కనిపించే బోర్డుల్లో సగం డేటా సైన్స్ నేర్పిస్తామంటాయి. మిగతా సగంలోనూ దాన్ని ఏదో ఒక పేరుతో నేర్పిస్తారు. దేశంలో ఇంత కొంచెం జాగాలో ఇంతమంది సంభావ్యతను ఔపోసన పట్టిన చోటు మరొకటి ఉండదని నా నమ్మకం. ఆ నమ్మకం చాయ్ కొట్టు దగ్గర లాటరీ మాట వచ్చేదాకా నిలుస్తుంది.

తెలంగాణలో లాటరీ టికెట్ అమ్మకూడదు. అయినా మనవాళ్లకు లాటరీ కష్టాలు తప్పవు. ఒకరి బావమరిది అబుదాబిలో ఉంటాడు, ఇంకొకరి రూమ్మేటు డల్లాస్‌లో ఉంటాడు. వాళ్ల టికెట్ల మీద ఇక్కడ పరిశోధన సాగుతుంది. ఆ పరిశోధనలో ఇంతవరకు తేలినవి రెండే సిద్ధాంతాలు. “ఇన్ని టికెట్లు అమ్ముడైనా ఎవరికీ తగల్లేదంటే మోసమే అన్నా” అనేది మొదటిది. “ఇన్నిసార్లు తగల్లేదు, ఇగ ఈసారి తగలాల్సిందే బ్రో” అనేది రెండోది. ఆటంతా మోసమైతే ఈసారి మాత్రం ఎందుకు తగలాలని అడగకండి. చాయ్ చల్లారిపోతుంది.

వీళ్ల పరిశోధనకు గొప్ప ముడిసరుకు 2025 అక్టోబర్ 18న దొరికింది. యూఏఈ లాటరీవారి ‘లక్కీ డే’ ఆటలో 10 కోట్ల దిర్హాముల జాక్‌పాట్ మొట్టమొదటిసారి తగిలింది. తగిలింది కూడా అబుదాబిలో ఉంటున్న 29 ఏళ్ల తెలుగు కుర్రాడికి. 2024 డిసెంబర్ 14న మొదలైన ఆ డ్రా రెండు వారాలకొకసారి జరిగేది. అంటే అది 23వ డ్రా. అంతకుముందు 22 సార్లు ఆ డబ్బు ఎవరికీ చిక్కలేదు. అసలు రోల్‌ఓవర్‌లో మిగిలిన సొమ్ము తర్వాతి డ్రాలో కలిసి జాక్‌పాట్ పెరుగుతుంది. ఇక్కడది పెరిగేది కాదు, పది కోట్ల దగ్గరే ఆగి ఉండేది. కానీ తగలకపోవడం వెనకున్న లెక్క రెండింటికీ ఒక్కటే.

ఆ లెక్క చూద్దాం. ఆటగాడు 31 అంకెల్లోంచి ఆరు ఎంచుకోవాల్సి ఉండేది, తర్వాత పన్నెండు నెలల్లోంచి ఒకటి. మొత్తం 88,35,372 రకాల టికెట్లు సాధ్యం. ఒక టికెట్ 50 దిర్హాములు ఉండేది. “ఎవరో ఒకరికి తగలాల్సిందే” అనే పండితుడికి నేను చూపగల గ్యారంటీ మార్గం ఒక్కటే ఉంది. అన్ని రకాల్లోనూ ఒక్కో టికెట్ కొనెయ్యడం. ఖర్చు 44 కోట్ల దిర్హాములు దాటేది, వచ్చే జాక్‌పాట్ పది కోట్లే. చిట్టీ పాడుకున్నా ఇంతకంటే తక్కువే మునుగుతాం.

అమ్మకాల సంగతికి వద్దాం. డ్రాకు నాలుగు లక్షల టికెట్లు అమ్ముడయ్యాయనుకుందాం. ఇది లెక్క కోసం నేను అనుకున్న అంకె మాత్రమే. ఆ డ్రాలో కనీసం ఒక్కరికైనా జాక్‌పాట్ తగిలే అవకాశం నాలుగున్నర శాతం లోపే. అంటే వందలో 95 సార్లకు పైగా డబ్బు ఎవరికీ దక్కకుండా మిగిలిపోతుంది. 22 డ్రాలు వరసగా అలాగే పోయే అవకాశం దాదాపు 37 శాతం. వర్షం పడే అవకాశం 37 శాతమంటే మనం గొడుగు పట్టుకెళతాం. లాటరీ దగ్గరకొచ్చేసరికి అదే 37 శాతం కుట్ర అయిపోతుంది.

“సరే, దుబాయ్‌లో జనం తక్కువ. మరి అమెరికా సంగతేంది?” అంటాడు డల్లాస్ రూమ్మేటున్న పండితుడు. అతని దగ్గర బలమైన సాక్ష్యమే ఉంది. 2016 జనవరి 9, పవర్‌బాల్, దాదాపు 95 కోట్ల డాలర్ల జాక్‌పాట్. సాధ్యమైన టికెట్లు 29,22,01,338 రకాలు. అమ్ముడైనవి సుమారు 44 కోట్లు. ఉన్న రకాలకంటే ఒకటిన్నర రెట్లు టికెట్లు పోయాయి, అయినా ఒక్కరికీ తగల్లేదు. పండితుడు ఇక్కడ చాయ్ గ్లాసు గట్టిగా పెడతాడు. మోసం నిరూపణ అయిపోయినట్టే.

అతనుంటున్న హాస్టల్‌లోనే ఈ కేసు తేల్చెయ్యొచ్చు. వందమందికి తలా ఒక చీటీ ఇచ్చి, ఒకరికొకరు చెప్పుకోకుండా 1 నుంచి 100 దాకా ఏదో ఒక అంకె రాయమనండి. వందమంది, వంద అంకెలు. చీటీలు విప్పితే కొన్ని అంకెలు ఇద్దరు రాసి ఉంటారు, కొన్ని ముగ్గురు. సగటున 37 అంకెలు ఎవరూ రాయకుండా మిగిలిపోతాయి. జనం మాట్లాడుకుని పంచుకుంటేనే వందా నిండుతాయి, లాటరీ కొనేవాళ్లు అలా పంచుకోరు. కాబట్టి టికెట్లు రకాలతో సమానంగా అమ్ముడైనా, ఎవరో ఒకరికి తగిలే అవకాశం వంద శాతం కాదు, 63 మాత్రమే. n టికెట్లు అమ్ముడై, N రకాలు ఉంటే, ఆ అవకాశం దాదాపు `1 - e^(-n/N)`. కోర్సులో రెండో వారం చెప్పే సూత్రమే. ఫీజు కట్టిన రసీదు ఇంకా దాచుకునే ఉంటాడు.

జనవరి 9 అంకెలు అందులో వేస్తే 78 శాతం వస్తుంది. తగలకపోయే అవకాశం 22. అలాంటి డ్రాలు తొమ్మిది జరిగితే రెండు ఖాళీగా పోవడం మామూలే. పైగా ఆ సూత్రం జనం అంకెల్ని ఏ మొగ్గూ లేకుండా రాస్తారని అనుకుంటుంది. కానీ ఆ జనంలో పిల్లల పుట్టినరోజులు రాసేవాళ్లు ఎంతమందో. వాళ్లంతా 31 లోపే కిక్కిరిసి ఉంటారు, అక్కడే డూప్లికేట్లు పెరుగుతాయి, పైనున్న అంకెలు పలచబడతాయి. ఆ రోజు వచ్చిన అంకెలు 16, 19, 32, 34, 57, పవర్‌బాల్ 13. ఐదింట్లో మూడు ఏ క్యాలెండర్‌లోనూ లేని తేదీలు. కాబట్టి ఆ 22 శాతం కూడా కాస్త తక్కువగా చూపిన అంకే.

కుట్ర వెతకాలనుకునేవాళ్లు డ్రా తీసే గదిలో వెతుకుతారు. వెతకాల్సింది రూల్స్ పుస్తకంలో. 2015 అక్టోబర్ దాకా పవర్‌బాల్‌లో సాధ్యమైన రకాలు 17.5 కోట్లే. ఆ నెలలో తెల్లబంతుల్ని 59 నుంచి 69కి పెంచి, ఎర్రబంతుల్ని 35 నుంచి 26కి తగ్గించారు. రకాలు 29 కోట్లు దాటాయి. చిన్న బహుమతులు తగలడం కొంచెం తేలికైంది, పెద్దది తగలడం బాగా కష్టమైంది. నవంబర్ మొదట్లో తగిలిన జాక్‌పాట్ తర్వాత వరసగా 19 డ్రాలు ఖాళీగా పోయాయి, డబ్బు 4 కోట్ల డాలర్ల నుంచి ఎగబాకింది. ఇందులో దాచిందేమీ లేదు, అందరి ముందే మార్చారు. పెద్ద అంకె టీవీలో కనపడితే తప్ప టికెట్ కొనని జనం కోసం పెద్ద అంకెలు తయారుచేసే యంత్రం అది. రోల్‌ఓవర్ ఆ యంత్రంలో వచ్చిన తేడా కాదు, అక్కడ తయారయ్యే సరుకే అది.

కేరళ ఓణం బంపర్‌లో ఈ గొడవ లేదు. అక్కడ ప్రతి టికెట్ మీదా అచ్చువేసిన వేరే నంబరు ఉంటుంది, మొదటి బహుమతి అమ్ముడైన టికెట్లలోంచే తీస్తారు. 25 కోట్లు ఎవరో ఒకరికి వెళ్లి తీరుతాయి. “తగలాల్సిందే” అనే మన సిద్ధాంతం అక్షరాలా నిజమయ్యేది అలాంటి ఆటలోనే. మనవాళ్లకు దానిమీద ఆసక్తి లేదు. డాలర్లు కావు కదా.

ఇక రెండో సిద్ధాంతం, “ఈసారి తగలాల్సిందే”. బంతులకు పోయిన డ్రా గుర్తుండదు. కానీ 2016 జనవరి 13, బుధవారం నాడు పండితుడి మాట నిజంగానే నెగ్గింది. 158 కోట్ల డాలర్లకు ఎగబాకిన జాక్‌పాట్ ఆ రోజు తగిలింది. ఎందుకంటే జనవరి 9 శనివారం కంటే ఇంకా ఎక్కువ టికెట్లు పోయాయి, n పెరిగింది, అంతే. అదే n ఇంకో పని కూడా చేసింది. కాలిఫోర్నియాలో ఒకటి, ఫ్లోరిడాలో ఒకటి, టెనెసీలో ఒకటి, మొత్తం మూడు టికెట్లకు తగిలి, సొమ్ము మూడు ముక్కలైంది. ఎవరో ఒకరికి తగలడం ఖాయమయ్యేకొద్దీ, ఒక్కరికే తగలడం కష్టమవుతుంది. మన పండితుడు మాత్రం రూమ్మేటు టికెట్‌కు సొమ్ము ఎంత పెరిగిందో చూశాడుగాని, ఎంతమందితో పంచుకోవాలో చూడలేదు. ఆ టికెట్ అవకాశం శనివారం ఎంతో బుధవారమూ అంతే, 29 కోట్లలో ఒకటి. మర్నాడు గ్రూపులో అతను పెట్టిన మెసేజ్: “చెప్పిన కదా బ్రో, తగులుద్దని.”