పీచుకి కూడా డబ్బానా?

మా రోజుల్లో పీచు కంచంలోనే ఉండేదిరా అబ్బాయ్. ఇప్పుడు మీరు బియ్యం మీది తవుడంతా పోయేదాకా తెల్లగా పట్టించి, బీరకాయ చెక్కు చెత్తబుట్టలో పడేసి, మందుల షాపుకెళ్ళి పీచు డబ్బా కొనుక్కొస్తున్నారు. మొన్న మా మనవడు అదే పని చేశాడు. ఇసబ్‌గోల్ పొట్టు ఓ చెంచాడు నోట్లో పోసుకుని, రెండు గుక్కల నీళ్ళు తాగి ఆఫీసుకి పరిగెత్తాడు. అసలే మలబద్ధకం, ఆ దెబ్బకి ఇంకా బిగిసింది.

ఒరేయ్, పీచులో రెండు రకాలున్నాయి. తవుడు, గోధుమ పొట్టు, తోటకూర కాడలు, బీర చెక్కు, వీటిలో ఎక్కువగా ఉండేది కరగని పీచు. అది పేగులో దాదాపు అరక్కుండా సాగి, మలానికి పరిమాణం ఇచ్చి ముందుకు నెడుతుంది. మా అమ్మ బీరపొట్టు వేయించి, పచ్చిమిర్చీ చింతపండూ వేసి రోట్లో నూరేది. ఆ రుచి మీ మిక్సీకేం తెలుసు! రెండోది కరిగే పీచు. రాత్రి నానేసిన మెంతుల్ని పొద్దున వేళ్ళతో నలిపి చూడు, జిగురుగా జారుతుంది. గోరుచిక్కుడు గింజల్లోనూ, జామపండులోనూ అదుంటుంది. ఆ జిగురు భోజనంలోని చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. పెద్దపేగులో సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి, అందుకే ఒక్కసారిగా ఎక్కువ తింటే గ్యాసు.

ఇసబ్‌గోల్ కూడా జిగురు రకమే గానీ అంత తేలిగ్గా పులవదు. పట్టిన నీళ్ళని చివరిదాకా పట్టుకునే ఉండి మలాన్ని మెత్తగా ఉంచుతుంది. పట్టడానికి నీళ్ళుండాలిగా మరి! మా మనవడి ముందే చెంచాడు పొట్టు గ్లాసులో వేసి కాసిని నీళ్ళు పోశాను. కాసేపటికల్లా గట్టి ముద్దయి చెంచాకి అతుక్కుంది. ఇలాంటి ముద్ద గొంతులో అడ్డం పడ్డా పడుతుంది. నిండు గ్లాసు నీళ్ళలో కలిపి, చిక్కబడకముందే తాగెయ్యాలి, పైన ఇంకో గ్లాసు తాగినా మంచిదే.

మేమేదో తెలివితో దంపుడు బియ్యం తిన్నామని కాదులే, మా ఊళ్ళో అప్పటికి మిల్లు రాలేదు. పైగా ముడి బియ్యంలోనూ 100 గ్రాములకి పీచు నాలుగున్నర గ్రాముల లోపే. అసలు బలం రాగి, జొన్న, కందిపప్పు, ఆకుకూరలదే. అయినా మా రోజుల నాటి తిండే మేలంటాను.

ఇప్పుడు నువ్వు కూడా రేపణ్ణించే గిన్నెడు పొట్టు తింటానని బయల్దేరకు. కడుపు ఉబ్బరిస్తుంది. వారానికి కొంచెం చొప్పున పెంచు, నీళ్ళు కూడా పెంచు. ఉబ్బరం, నొప్పి తరచూ వచ్చే పొట్టకి గోధుమ పొట్టు పడకపోవచ్చు, అలాంటివాళ్ళకి ఇసబ్‌గోలే నయం. మాత్రలు వేసుకునేవాడివైతే దానికీ వాటికీ రెండు గంటలు ఎడం ఉంచు, ఆ జిగురు మందుని సరిగా ఒంటబట్టనివ్వదు.