చారలు ఎటు వాలితే అటు

మనవడు కొత్తగా కారు నేర్చుకుంటున్నాడు. ఖాజీపేటలో కడప రోడ్డు మీద నిలబడి సెల్‌ఫోన్లో ఫొటో తీసుకొచ్చి, "తాతా, ఈ బోర్డులన్నీ ఏంది?" అన్నాడు. నన్నడుగుతాడు చూడు! మా రోజుల్లో ఈ రోడ్డుకు బోర్డులు యాడివి? పసుపు తల పెట్టుకున్న మైలురాయి ఉండేది, అది చూస్తే జాతీయ రహదారి అని తెలిసేది, అంతే. బండోడు నిద్రపోయినా ఎద్దులు ఇల్లు చేరేవి. ఈ రోడ్డు నెంబరు అప్పట్లో 18. 2010లో నెంబర్లన్నీ మార్చి దీన్ని 40 చేసినారు. పాత నెంబరుకు ఏం రోగమొచ్చిందో!

సరే, ఇటు రా అబ్బోడా. లోపలి బొమ్మ తర్వాత, ముందు ఆకారం చూడు. దూరం నుంచి కనబడేది అదే. ఎర్ర అంచు ముక్కోణం, మొన పైకుంటే హెచ్చరిక. ఈ ఫొటోలో దాని లోపల ఇద్దరు పిల్లోళ్ళున్నారు, అంటే ముందర బడి. అది నిన్ను ఆపమనడంలేదు, కాలు ఆక్సిలరేటరు మీంచి తీసి బ్రేకు దగ్గర పెట్టుకోమంటోంది. ఎర్ర అంచు గుండ్రమైతే అది ఆజ్ఞ. అందులో 40 అని ఉంటే నలభైలో పోవాలని కాదురా, నలభై దాటకూడదని. బడి దగ్గర ఇరవైలో పోతే ఎవరూ ఏమనరు, వెనకోడి హారను తప్ప.

పక్కవీధి మొగలో మొన కిందికున్న ముక్కోణం చూసినావా? పెద్దరోడ్డు మీద వచ్చేవాళ్ళకు దారిమ్మని అర్థం. ఖాళీగా ఉంటే నిదానంగా దూరచ్చు, బండి వస్తుంటే ఆగాల. అదే ఎనిమిది మూలల ఎర్రబోర్డయితే, రోడ్డు ఖాళీగా ఉన్నా సరే, చక్రం పూర్తిగా ఆగాల్సిందే. మా ఎద్దులకైతే ఈ తేడా చెప్పే పనే లేదు, ఎట్లా పోయినా నిదానమే.

ఇంక డివైడరు మొదట్లో పసుపు నలుపు ఏటవాలు చారల బోర్డు. అది ఉత్త రంగని చాన్నాళ్ళు అనుకున్నా. కాదంట! చారలు ఏ పక్కకు కిందికి వాలితే ఆ పక్కనుంచే పోవాలంట. ఇక్కడ ఎడమకు దిగినాయి, కాబట్టి డివైడరును కుడిచేతి పక్కన ఉంచుకొని ఎడమగా పోవాల. రాత్రి ఎదురు లైట్లకు డివైడరు కనబడకున్నా, ఆ చారలు మెరిసి దోవ చెప్తాయి. ఇంత తెలివి బోర్డుకెందుకో, మనిషి తన కళ్ళు తాను వాడుకోకూడదా?

ఇదంతా చెప్పినాక వాడు ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి, డివైడరుకు ఎడమపక్కన ఎదురొస్తున్న టీవీఎస్ ఫిఫ్టీ మీద వేలు పెట్టినాడు. తువ్వాలు తలకు చుట్టుకున్న ముసలాయన.

"ఆయనకు చారలు వాలింది కనపళ్ళేదేమో తాతా?"

టీ కొట్టు అటుపక్కనే ఉంది గదా, డివైడరు చుట్టి రావాలంటే ఎంత దూరమో వీడికేం తెలుసు!